మూడు పంటలు, మూడు మాత్రలు

ఆశా కార్యకర్త మునీశ్వరి గెలిచిన తగాదా ఒకటి బుజ్జమ్మ కళ్లారా చూసింది. ఊరికి నీళ్లు వదిలే ముద్దుకృష్ణ అంగన్వాడీ కొళాయి వాల్వు బిగించేసి, ఆ నీళ్లు తన బంధువుల వీధికి మళ్లించుకున్నాడు. అడిగినవాళ్లకల్లా "మోటారు కాలింది" అనేవాడు. నాలుగు రోజులు చూసి ఐదో రోజు మునీశ్వరి నెత్తిన ప్లాస్టిక్ బేసిను పెట్టుకుని పంపుహౌసు దగ్గరికి వచ్చింది. నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి.

"ఏందిది?" అన్నాడు ముద్దుకృష్ణ.

"ఇరవై రెండు మంది బిడ్లు సేతులు కడిగిన నీళ్లప్పా. మొదటి బిడ్డ కడిగిన నీళ్లలోనే ఆఖరి బిడ్డా కడిగింది. మోటారు కాలిందంటివి గదా, ఇంకేం సేయాల? నీ మనమరాలు పదిహేడో బిడ్డ. ఇప్పుడు నువ్వు ఈ నీళ్లలో సెయ్యి పెట్టి, ఆ సేత్తో నీ క్యారియర్లో సంగటి తిను. తింటే నేను నోరు మూసుకుని పోతా."

పంపుహౌసు ముందర నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లు పది మంది. వాళ్లలో బుజ్జమ్మ ఒకతె. ముద్దుకృష్ణ బేసిను వంక చూశాడు, క్యారియరు వంక చూశాడు, లేచి వెళ్లి వాల్వు తిప్పాడు. కాలిన మోటారు ఆ పొద్దే ఎట్లా బాగుపడిందో ఎవరూ అడగలేదు.

"ఆడదంటే అట్లుండాల" అంది బుజ్జమ్మ ఇంటికొచ్చి కోడలు నీలిమతో. ఇంకొకరిని మెచ్చుకోవడం ఆమె నోటికి అలవాటు లేని పని. ఆ మాట మునీశ్వరి ముందర మాత్రం అనలేదు. అనుంటే బాగుండేది.

బుజ్జమ్మది సోమల దగ్గర పుట్టిల్లు. గుడుపల్లెకు అవతల ఈ ఊరికి కోడలై వచ్చి యాభై ఏళ్లు దాటింది. మూడో తరగతితో బడి మానేసినా బస్సు బోర్డు చదవగలదు, సంతకం పెట్టగలదు, ఎదుటివాళ్ల తప్పు ఆమడ దూరం నుంచి పట్టగలదు. మొగుడు పోయిన తరువాత ఎకరా మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఆమె చేతి కిందే నడిచాయి. కొడుకు నరేష్ ఆటో తోలుతాడు, పంట దిగినప్పుడు పట్టుగూళ్లు మదనపల్లె మార్కెట్‌కు ఎత్తుకుపోతాడు. కోడలు నీలిమ తెల్లారి ఆరింటికి కంపెనీ బస్సెక్కితే మళ్లీ దీపాల వేళకు దిగుతుంది. వాళ్ల బిడ్డ భవ్యకు ఎనిమిదేళ్లు. ఆ బిడ్డ పుట్టినప్పటి నుంచి అవ్వ పక్కనే పడుకుంది, అవ్వ చేతి ముద్దే తింది.

మునీశ్వరిది పుంగనూరు. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఈ ఊరి ఎల్లప్పను పెళ్లాడి వచ్చింది. పదమూడేళ్లుగా ఆశా పని చేస్తోంది. పురిటి నొప్పులొస్తే ఎవరి ఇంటికైనా పరిగెత్తుతుంది, కుప్పం ఆసుపత్రిలో ఏ గది ఏ పక్క ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. కానీ ఆమెలో ఒక వింత ఉంది. నోటితో తగాదా పెట్టుకుంటే ఎవరూ నిలవలేరు. చేతిలో కాగితం పెడితే మాత్రం బడిపిల్ల అయిపోతుంది. అక్షరాల కింద వేలు పెట్టి, గొంతు సన్నం చేసి, తల ఎత్తకుండా చదువుతుంది.

ఆ ఫిబ్రవరిలో అంగన్వాడీ వరండాలో అదే జరిగింది. పదో తేదీ నులిపురుగుల మాత్రలిచ్చే రోజు. దానికి వారం ముందే తల్లులను కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడాలని పైనుంచి కాగితం వచ్చింది. మునీశ్వరి దాన్ని తన అక్షరాలతో నోటుబుక్కులో రాసుకుని వచ్చి నిలబడింది.

"తల్లులందరికీ నమస్కారం. నులిపురుగులు సోకిన మనిషి ఆరుబయట మలవిసర్జన చేసినప్పుడు వాటి గుడ్లు మట్టిలో కలుస్తాయి. ఆ మట్టి అంటిన చేతుల వల్ల, కడగని కూరగాయల వల్ల అవి పిల్లల కడుపులోకి పోతాయి. కొంకిపురుగు అనే రకం మాత్రం మట్టిలోనే పిల్లలై, చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచి దూరుతుంది. పేగుకు కరుచుకుని రక్తం పీలుస్తుంది. బిడ్డ పాలిపోతుంది, నీరసపడుతుంది, చదువులో వెనకబడుతుంది. చంటిబిడ్డ మలం కూడా దిబ్బలో పారేయరాదు, మరుగుదొడ్డిలోనే వేయాలి. తినే ముందు, దొడ్డికి పోయొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. గోళ్లు కత్తిరించాలి. కాళ్లకు చెప్పులు వేయాలి. ఏడాది దాటిన బిడ్డ నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల వరకు ఆరు నెలలకొకసారి మాత్ర నమలాలి. రెండేళ్లలోపు బిడ్డకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లతో. ఒంట్లో బాగలేని బిడ్డకు ఆ రోజు వద్దు, తగ్గినాక ఇస్తాం…"

అన్నీ సరైన మాటలే. ఒక్కటీ వినేవాళ్ల చెవిలో దిగలేదు. వెనక వరసలో, బుజ్జమ్మ వీధిలోనే పట్టు తీసే కుసుమ ఆవులిస్తోంది. బుజ్జమ్మ కాళ్లు బార్లా చాపుకుని వక్క నములుతూ కూర్చుంది. పిలవని చోటికి రావడం ఆమెకు ఇష్టం, వచ్చిన చోట ఊరుకోవడం కష్టం.

"అమ్మణ్ణీ, ఒక మాట" అంది.

మునీశ్వరి వేలు కాగితం మీద ఆగింది. "సెప్పవ్వా."

"పురుగుల్ని సంపే మాత్ర అంటాండావు. మా ఇండ్లలో బిడ్లే గదా తట్టల్లో ఆకేసేది. దోమల చుట్ట ముట్టించినా, పక్క చేన్లో మందు కొట్టినా, బీడీ తాగినోడు షెడ్డులోకి వచ్చినా మా పట్టుపురుగులు తల ఎత్తవు. ఆ మాత్ర నమిలిన బిడ్డ ఊపిరి తగిలితే, సెయ్యి తగిలితే, అవి బతుకుతాయా? బతుకుతాయని రాసి సంతకం పెట్టిస్తావా?"

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. మునీశ్వరి కాగితంలో వెతికింది. ఈ పక్క లేదు, తిప్పి చూసింది, ఆ పక్కా లేదు. బేసిను ఎత్తుకుని పోట్లాడిన మనిషి అక్కడ లేదు.

"డాక్టరమ్మను అడిగి సెప్తానవ్వా."

"అడుగు, అడుగు. అంతవరకూ మా పురుగుల్ని ఆకలితో పడుకోమని సెప్తాం."

అందరూ నవ్వారు. కుసుమ పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. బుజ్జమ్మకు ఆ నవ్వు తియ్యగా ఉండింది. ఇంటికి పోయే దారిలో నలుగురు ఆగి, "బలే అడిగినావు పో అవ్వా" అన్నారు. ఆ పొద్దు ఆమె ఒక ముద్ద ఎక్కువే తింది.

మునీశ్వరి మాట తప్పలేదు. మూడో రోజు జవాబుతో ఇంటికే వచ్చింది. మాత్ర కడుపులోకి పోయి పేగుల్లోనే పని చేస్తుందట. ఊపిరిలో రాదు, చెమటలో రాదు. నమిలిన తరువాత మామూలుగా చేతులు కడుక్కుని ఆకేస్తే పట్టుపురుగులకు ఏమీ కాదట.

"మీ డాక్టరమ్మకు మల్బరీ తోట ఉండాదా?" అంది బుజ్జమ్మ.

"లేదవ్వా."

"మరి ఆయమ్మకు ఏం తెలుసు?"

ఆ మాటా ఊరంతా తిరిగింది. పట్టుపురుగులున్న ఇళ్లలో మరో ఏడు ఇళ్లవాళ్లు పదో తేదీన బిడ్డలను బడి మాన్పించారు. భవ్యకైతే అది కొత్త కాదు. కిందటేడు ఫిబ్రవరిలోనూ, ఆగస్టులోనూ ఇట్లాగే జ్వరమని చెప్పి అవ్వ ఇంట్లో పెట్టుకుంది. ఏడాదికి ఐదు పంటలు తీసే ఇంట్లో మాత్రల రోజు ఏదో ఒక పంట మధ్యలోనే పడుతుంది. అట్లా రెండు పంటలకు రెండు మాత్రలు పోయాయి. ఇది మూడోది.

బడిలో మాత్ర తప్పిన బిడ్డలకు వారం తరువాత మళ్లీ ఇస్తారు. పదిహేడో తేదీన రాని బిడ్డలను వెతుక్కుంటూ మునీశ్వరి బయలుదేరింది. బుజ్జమ్మ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే ఆఖరిసారి పొర వదిలి, వాన పడ్డట్టు చప్పుడు చేస్తూ ఆకు తినే కాలం. ఆ వారంలో పూట తప్పితే పంట పోయినట్టే.

"ఆడ్నే నిలబడు!" అని అరిచింది బుజ్జమ్మ లోపలి నుంచి. "సెప్పులు దూరంగా ఇడువు. గడప కాడ బ్లీచింగ్ నీళ్లుండాయి, సేతులు ముంచు, కాళ్లు ముంచు. ఏళ్ల సందుల్లో రుద్దు."

మునీశ్వరి చెప్పినట్టే చేసింది. వేళ్ల సందుల్లో రుద్దుకుంటూ తన చేతుల వంక, ఆ బ్లీచింగ్ నీళ్ల వంక చూసింది.

"భవ్య యాడవ్వా?"

"నిద్రపోతాండాది. ఆకు కోసి అలిసిపోయింది."

"లేపు. నా ముందర నమలాల. అది రూలు."

"లేచి సంగటి తినంగానే నేనే నమిలిస్తా. నన్ను నమ్మవా? నీ పెండ్లికి అరిసెలు కాల్చింది ఎవురు?"

మునీశ్వరి కాసేపు మాత్రను వేళ్ల మధ్య తిప్పింది. ఇంకా ఆరు ఇళ్లు మిగిలి ఉన్నాయి. ముసలామెతో ఎదురు మాట్లాడటం ఆమెకు చేతకాక కాదు, మనసు రాలేదు. మాత్రను బుజ్జమ్మ అరచేతిలో పెట్టి, రిజిస్టరులో భవ్య పేరు పక్కన టిక్కు పెట్టి వెళ్లిపోయింది.

బుజ్జమ్మ ఆ మాత్రను గూట్లో సున్నపుడబ్బా వెనక పెట్టింది. మరుసటి రోజు చెత్తతోపాటు కాల్చేసింది. మాత్ర దాచిన పూటే, నిద్ర లేచి కళ్లు నులుముకుంటూ వచ్చిన భవ్యను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: "ఎవురన్నా అడిగితే నమిలినానను. ఆ మాత్ర నువ్వు తింటే మన పురుగులన్నీ సచ్చిపోతాయి. అవ్వకు అన్నం ఉండదు."

బిడ్డ కళ్లు పెద్దవి చేసి తల ఊపింది.

ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. వేళ్లతో నొక్కితే లొంగని గూళ్లు. బుజ్జమ్మ వీధి వీధికీ చెప్పుకుంది.

ఎండాకాలంలో భవ్య మారింది. అంతకుముందు తోటలో కాలువ గట్ల మీద మేకపిల్లలా గెంతే బిడ్డ, ఇప్పుడు గంప సగం నిండకముందే గట్టు మీద కూలబడేది. రెండు మెట్లెక్కితే రొప్పేది. అన్నం వద్దనేది, గోడ సున్నం గీరి నాకేది, బడి బలపాలు కొరికేది. రాత్రిపూట కాళ్ల వేళ్ల సందుల్లో గోక్కునేది. బుజ్జమ్మ దానికి పసుపు రాసింది, అంతే. మిగిలినదానికి ఆమె దగ్గర ఒకటే మందు, నోరు.

"సోమరిదానా! నీ ఈడుకు నేను రెండు గంపలు మోస్తా ఉంటి. లెయ్!"

ఒక పొద్దున గట్టు మీద కూర్చుని లేవకపోతే వీపు మీద ఒకటి వేసింది కూడా. బిడ్డ ఏడవలేదు. లేచి గంప నెత్తిన పెట్టుకుని, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంది. "అవ్వా, కాళ్లలో బలం లేదు" అంది. "మన్ను తింటే బలం యాణ్నుంచి వస్తాది?" అంది అవ్వ. ఆ దెబ్బ చప్పుడు తరువాత చాలా కాలం బుజ్జమ్మ చెవిలో ఉండిపోయింది. తోటలో ఒంటరిగా ఆకు కోస్తున్నా వినపడేది.

జూన్‌లో బడి తెరిచిన నాలుగో రోజు ప్రార్థన వేళ భవ్య నిలబడ్డచోటే పడిపోయింది. బడివాళ్లు ముందు మునీశ్వరికి ఫోన్ చేశారు. ఆమె వచ్చి బిడ్డ కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్ల కాగితంలా ఉంది. ఆటో పిలిచి, దారిలో బుజ్జమ్మను ఎక్కించుకుని నేరుగా కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆటోలో బిడ్డ తల మునీశ్వరి ఒళ్లో ఉంది.

రక్తం ఆరున్నర కూడా లేదన్నారు, పదకొండు పైన ఉండాలట. ఇంకొంచెం తగ్గి ఉంటే రక్తం ఎక్కించాల్సి వచ్చేదట. మంచం ఇచ్చారు. మలం పరీక్షకు పంపారు. మర్నాడు డాక్టరమ్మ కాగితం చూసి, "కొంకిపురుగు గుడ్లు, బాగా ఉన్నాయి" అంది. "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా పెద్దమ్మా?"

బుజ్జమ్మకు రోషం వచ్చింది. "లేకుండా ఏం? టైల్సు ఏసిన లెట్రిన్ ఉండాది. తాళం కూడా ఉండాది."

"తాళం ఎందుకు?"

బుజ్జమ్మ నోరు తెరిచేలోపు మంచం మీది నుంచి సన్నటి గొంతు వినపడింది. "దాంట్లో చంద్రికలుండాయి." పురుగులు గూడు కట్టే వెదురు తట్టలను చంద్రికలంటారు. ఎలుక దూరకుండా, చెమ్మ తగలకుండా వాటిని దాచడానికి ఊళ్లో అంతకన్నా మంచి గది లేదు. ఒక్క బుజ్జమ్మ ఇంట్లోనే కాదు, పట్టు తీసే ఇళ్లలో సగానికి సగం అంతే.

"మరి మీరంతా ఎక్కడికి పోతారు?"

"తోటలోకి" అంది బిడ్డ.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నిదానంగా విడమరిచి చెప్పింది. మల్బరీ తోటలో నీడ ఉంటుంది, కాలువ తడి ఉంటుంది, నేల వెచ్చగా ఉంటుంది. మలంలో పడిన గుడ్డు వారం పది రోజుల్లో కంటికి కనపడని పురుగుపిల్ల అయ్యి, మట్టిలో కాచుకుని ఉంటుంది. వట్టికాలు తగిలితే చర్మంలోంచి లోపలికి పోతుంది. కాలివేళ్ల దురద మొదటి గుర్తు. "ఈ బిడ్డ చెప్పులేసుకోదా?"

వేసుకోదు. వేసుకోనివ్వలేదు. బయటి చెప్పులతో తోటలోకి పోయి ఆ కాళ్లతోనే షెడ్డుకు వస్తే పురుగులకు రోగం తగులుతుందని బుజ్జమ్మ భయం. తోట నుంచి వట్టికాళ్లతో వచ్చిన బిడ్డ గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచేది, పురుగుల కోసం. తన కోసం అప్పటికే ఆలస్యమైపోయేది.

మధ్యాహ్నం నర్సమ్మ ఒక మాత్ర, నీళ్ల గ్లాసు తెచ్చింది. "నమిలి తినమ్మా, తియ్యగా ఉంటాది."

భవ్య మాత్రను చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

నర్సమ్మ బుజ్జగించింది. మునీశ్వరి బుజ్జగించింది. కంపెనీ నుంచి సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చిన నీలిమ "నా బంగారు గదా" అని బతిమాలింది. బిడ్డ చేతులు తీయలేదు. కళ్లనుంచి నీళ్లు వేళ్ల మీదుగా కారుతున్నాయి. ఆఖరికి వేళ్ల సందుల్లోంచి అంది: "నేను తింటే పురుగులు సచ్చిపోతాయి. అవ్వకు అన్నం ఉండదు."

నీలిమ అత్త వంక తిరిగింది. ఆ చూపును బుజ్జమ్మ తట్టుకోలేక కిటికీ వైపు తిరిగింది. కిటికీ బయట సైకిళ్లు, ఎండ. ఎటు తిరిగినా ఆ మూసిన నోరే కనపడింది. బిడ్డ తను చెప్పిన మాటను అంత గట్టిగా పట్టుకుంది. అవ్వ అన్నం కోసం.

యాభై ఏళ్లలో బుజ్జమ్మ ఎవరి ముందరా తప్పు ఒప్పుకోలేదు. మొగుడి ముందర ఒప్పుకోలేదు, కొడుకు ముందర ఒప్పుకోలేదు. మంచం పక్కన కిందికి కూర్చుంది.

"భవ్యా. ఇట్ల సూడు. అవ్వ సెప్పింది అబద్దం."

బిడ్డ చూసింది.

"పురుగులు సావవు. అవ్వకు అన్నం ఉంటాది. నాకు తెలీక సెప్పినా. తెలుసుకోమని ఇంటికొచ్చి సెప్పినా వినలా." బిడ్డ కాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు సోమరిదానివి కాదు. నిన్ను కొట్టినందుకు నా సెయ్యి పడిపోనీ."

"అట్లనొద్దవ్వా" అంది బిడ్డ. చేతులు తీసింది. మాత్ర తీసుకుని, అవ్వ మొహంలోకే చూస్తూ నమిలింది.

మునీశ్వరి వరండాలోకి వెళ్లిపోయింది. కాసేపటికి బుజ్జమ్మ వెనకాలే వెళ్లింది. బల్ల మీద ఆశా రిజిస్టరు తెరిచి ఉంది. భవ్య పేరు పక్కన నీలం టిక్కు.

"నేనే సెడగొట్టినా" అంది మునీశ్వరి. "నా ముందర నమలందే టిక్కు పెట్టరాదని వంద సార్లు సెప్పినారు. నీ మాటకు ఎదురు సెప్పలేక పెట్టేస్తిని. నాలుగు నెలలు ఈ బిడ్డ మాత్ర తినిందనే లెక్క. రేపు శారదమ్మకు నేనే సెప్తా, ఈ టిక్కు తప్పని." శారదమ్మ ఊరి సబ్‌సెంటర్ నర్సు, మునీశ్వరి పైన ఉండే మనిషి. బుజ్జమ్మ ఆ మాత్రను కాల్చేసిన సంగతి చెప్పి, "వద్దు, నా మీదేసుకుంటా" అంది. "నీ మీదా ఉండాది, నా మీదా ఉండాది" అంది మునీశ్వరి. ఆ ఒక్క మాటతో ఆమె ఆ ముసలి మనిషిని వదిలేసింది. తిట్టి ఉంటే బుజ్జమ్మకు తిరిగి అనడానికి ఏదైనా దొరికేది.

నాలుగో రోజు ఇల్లు చేరారు. ఐరన్ మందు నెలల తరబడి తాగాలి. మాత్రతో పురుగు పోతుంది గానీ, అదే తోటలోకి అవే వట్టికాళ్లతో పోతే మళ్లీ వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నరేష్ ఆ సాయంత్రమే లెట్రిన్ తాళం తీసి చంద్రికలన్నీ షెడ్డు అటక మీదికి చేర్చాడు. ఎలుకలు కొరుకుతాయని బుజ్జమ్మ అనలేదు. తోటకు వేరే ఒక జత చెప్పులు, షెడ్డుకు వేరే ఒక జత కొన్నారు. ఇంత చిన్న ఉపాయం పదేళ్లలో తన బుర్రకు ఎందుకు తట్టలేదా అని ఆ రెండు జతలను చూసినప్పుడల్లా బుజ్జమ్మ తనను తానే తిట్టుకునేది. బిడ్డ మాత్ర నమిలినా, చెప్పులతో తోటకు పోయినా, తరువాతి పంటకు ఏమీ కాలేదు. బిడ్డ మెల్లగా కోలుకుంటోంది. కానీ గట్ల మీద ఇంకా గెంతడం లేదు. బడిలో చదువు అందక వెనక బల్లకు మార్చారట. ఆ సంగతి బిడ్డ అవ్వకు చెప్పలేదు, నీలిమకు చెప్పింది.

జూలై ఆఖర్లో మునీశ్వరి వచ్చింది. కొత్త నోటుబుక్కు తెచ్చింది. చెప్పులు దూరంగా విడిచి, ఎవరూ చెప్పకుండానే బ్లీచింగ్ నీళ్లలో చేతులు ముంచి, షెడ్డు గడప మీద కూర్చుంది.

"ఆగస్టులో మళ్లీ మాత్రలవ్వా. వచ్చే బుధవారం తల్లుల్ని పిలిచినా. కొత్తగా రాసుకున్నా, ఇను." చదవడం మొదలుపెట్టింది. వేలు అక్షరాల కిందే ఉంది, కానీ ఈసారి మాటలు వేరు. "పట్టుపురుగుల గదిలోకి పోయే ముందర మనం సేతులు కడుగుతాం, కాళ్లు కడుగుతాం, కొత్తోళ్లను రానీం. పురుగుకు రోగం కంటికి కనపడకుండా వస్తాదని మనకు తెలుసు. బిడ్డకు ముద్ద పెట్టే ముందర మాత్రం మన సేతులు సూసుకోం. లెట్రిన్‌లో చంద్రికల్ని పెట్టి తాళం ఏస్తాం, బిడ్డను తోటకు పంపుతాం…"

"బాగుండాది" అంది బుజ్జమ్మ. నిజంగానే అంది.

"బాగుంటే ఏం లాభం? ఇనరు." మునీశ్వరి నోటుబుక్కు మూసింది. "ఆ ఏడిండ్లోళ్లు ఇంకా బిడ్లను పంపేది లేదనే అంటాండారు. నిన్న కుసుమ ఏమనిందో తెలుసా? 'డాక్టరమ్మకు మల్బరీ తోట ఉండాదా' అనింది. నీ మాటే. దాని కొడుకు సాయి కాళ్లు గోక్కుంటాండాడు, మొగం పాలిపోయింది. నేను సూస్తానే ఉండా."

బుజ్జమ్మ చేతిలో ఆకు అట్లాగే ఆగింది. కుసుమ ఇల్లు ఈ వీధి చివరే. సాయి రోజూ ఈ గడప ముందు నుంచే బడికి పోతాడు. నిన్న కూడా పోయాడు, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆగి ఆగి. ఆమె చూసింది. చూసి కూడా, ఎండ అనుకుంది.

"నా దోవన నేను పోయి కుసుమకు సెప్తాలే" అంది ఆఖరికి, తల ఎత్తకుండా.

"ఒక్క కుసుమకు సెప్తే సాలదవ్వా. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిగాల." మునీశ్వరి గడప మీది నుంచి లేచి ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది. "బుధవారం నేను కాయితం చదవను. నువ్వు లేసి నిలబడు. నువ్వే భవ్యను మూడుసార్లు బడి మాన్పించినావని, నా సేతిలో మాత్ర తీసుకుని కాల్చేసినావని సెప్పు. బిడ్డ ఆసుపత్రిలో నోరు ఎందుకు మూసుకునిందో సెప్పు. తోటకు సెప్పులేపిచ్చినాక పంట ఎట్లుండాదో సెప్పు. వక్క నమలకుండా, నవ్వించకుండా సెప్పు. వాళ్లు నవ్వితే నవ్వనీ, కూర్చోవద్దు. ఆఖర్న ఆ ఏడిండ్ల ఆడోళ్ల దగ్గరికి నువ్వే పోయి, పదో తేదీ బిడ్డను బడికి పంపమని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగు. కుసుమను మొదట అడుగు."